దిండును గుద్దితే కోపం పోతుందా?

ప్రశ్న: మా పైఅధికారి అందరి ముందూ నన్ను చులకన చేసి మాట్లాడతారు. తిరిగి ఏమీ అనలేను. కోపాన్ని లోపల దాచుకుంటే జబ్బు చేస్తుందని, బయటికి వదిలేయాలని నా స్నేహితురాలు చెప్పింది. అప్పటి నుంచి ఇంటికి రాగానే గది తలుపు వేసుకుని ఆయన్ను తలచుకుంటూ దిండును గుద్దుతున్నాను. ఒక్కోసారి గట్టిగా అరుస్తాను కూడా. ఆ కాసేపు హాయిగానే ఉంటుంది. కానీ ఈ మధ్య పిల్లల మీద చిన్న చిన్న విషయాలకే విరుచుకుపడుతున్నాను. నేను సరిగ్గా చేయడం లేదా? ఇంకా ఎక్కువ సేపు చేయాలా?

జవాబు: మీరు చేసే తీరులో లోపం లేదు, ఆ పద్ధతిలోనే ఉంది. కాబట్టి ఇంకా ఎక్కువ సేపు చేయకండి, ఈ రోజు నుంచే ఆపేయండి. మనసుకు సంబంధించిన విషయాల్లో ఇంత గట్టిగా చెప్పగలిగేవి తక్కువ. ఒక పరిశోధన ఔనంటే మరొకటి కాదంటుంది. కానీ కోపాన్ని వెళ్లగక్కడం గురించి అరవై ఏళ్లకు పైగా వస్తున్న ఫలితాలు చాలావరకు ఒకే వైపు ఉన్నాయి. అయినా ఈ సలహా ఇప్పటికీ నోటి నుంచి నోటికి పాకుతూనే ఉంది. అది మీ ఇంట్లో పిల్లల దాకా వచ్చిందని చదివి నాకు బాధ కలిగింది.

మీ స్నేహితురాలు మీ మేలు కోరే చెప్పారు. ఆ మాటకు పెద్ద చరిత్రే ఉంది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ అనే ఇద్దరు వైద్యులు హిస్టీరియా మీద ప్రచురించిన పుస్తకంలో, బయటపడే దారి దొరకని భావోద్వేగాలే రోగ లక్షణాలుగా మారతాయని, వాటిని పూర్తిగా వెలికి తెస్తే రోగి కోలుకుంటారని వాదించారు. ఆ ఆలోచన తరువాత జనంలోకి వచ్చేసరికి మనసు ఒక ప్రెషర్ కుక్కర్ లాంటిదని, ఆవిరి వదలకపోతే పేలిపోతుందని స్థిరపడింది. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. కానీ కోపం లోపల ఎక్కడో నిల్వ ఉండి, కొంత తీసేస్తే ఆ మేరకు తగ్గిపోయే పదార్థం కాదు. ఒళ్లంతా ఉద్రేకపడటం, ‘నాకు అన్యాయం జరిగింది’ అనే తలపు, ఈ రెండూ కలిసినప్పుడు అది అప్పటికప్పుడు పుడుతుంది. అవి మళ్లీ కలిస్తే మళ్లీ పుడుతుంది. దిండును గుద్దేటప్పుడు మీరు ఆ రెండింటినీ మీ చేతులతో మీరే కలుపుతున్నారు.

దీన్ని పరీక్షించే ప్రయత్నాలు చాలా కాలం క్రితమే మొదలయ్యాయి. 1959లో హార్న్‌బర్గర్ అనే పరిశోధకుడు కొందరిని మాటలతో అవమానింపజేసి, వారిలో సగం మంది చేత పది నిమిషాల పాటు సుత్తితో మేకులు కొట్టించాడు. మిగతా సగం మందికి ఏ పనీ ఇవ్వలేదు. ఆ తరువాత తమను అవమానించిన మనిషిని విమర్శించే అవకాశం అందరికీ ఇచ్చాడు. ఆవిరి సిద్ధాంతం నిజమైతే, మేకులు కొట్టినవాళ్లు చల్లబడి ఉండాలి. వాళ్లే ఎక్కువ కటువుగా మాట్లాడారు.

మీ పరిస్థితికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగం. అందులో 600 మంది విద్యార్థులు పాల్గొన్నారు. ఒక్కొక్కరూ తీవ్ర వాదోపవాదాలున్న ఒక అంశం మీద చిన్న వ్యాసం రాశారు. పక్క గదిలో ఉన్న మరో విద్యార్థి దాన్ని దిద్దుతాడని వారికి చెప్పారు. నిజానికి అక్కడ ఎవరూ లేరు. వ్యాసం తిరిగి వచ్చేసరికి తక్కువ మార్కులు, వాటితో పాటు ‘నేను చదివిన అతి చెత్త వ్యాసాల్లో ఇదొకటి’ అనే అర్థం వచ్చే వ్యాఖ్య ఉన్నాయి. ఎవరికైనా ఒళ్లు మండే మాటే.

ఇక్కడ విద్యార్థులను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు బాక్సింగ్ గ్లౌజులు తొడిగి, వేలాడే బరువైన పంచింగ్ బ్యాగ్‌ను ఇష్టం వచ్చినంత సేపు, ఇష్టం వచ్చినంత గట్టిగా కొట్టమన్నారు. కొట్టేటప్పుడు తమను అవమానించిన మనిషిని తలచుకోమని చెప్పి, అతని ఫొటో ఇదేనంటూ కంప్యూటర్ తెర మీద చూపించారు. రెండో గుంపు కూడా అదే బ్యాగ్‌ను కొట్టింది. కాకపోతే వాళ్లను ఆరోగ్యం గురించి, ఒంటికి వ్యాయామం దొరకడం గురించి ఆలోచించమన్నారు. తెర మీద వ్యాయామం చేస్తున్న ఒక క్రీడాకారుడి ఫొటో ఉంచారు. మూడో గుంపు కొట్టడమే లేదు, రెండు నిమిషాలు ఊరికే కూర్చుంది.

ఆ తరువాత ఎంత కోపంగా ఉన్నారో ప్రశ్నలతో కొలిచారు. ఆపైన ఒక పోటీ పెట్టారు. ఎవరు ముందుగా మీట నొక్కితే వాళ్లు ఎదుటివాడి చెవిలో పెద్ద శబ్దం మోగించవచ్చు. ఎంత గట్టిగా, ఎంత సేపు అన్నది వాళ్ల ఇష్టం. ఎదుటివాడంటే ఆ వ్యాసాన్ని తిట్టిన మనిషే. ఇది నిజమైన హింస కాదు గానీ, మనిషిలో మిగిలిన కసిని కొలవడానికి ప్రయోగశాలలో వాడే పద్ధతి.

ఫలితం ఇలా వచ్చింది. అవమానించినవాణ్ణి తలచుకుంటూ కొట్టిన గుంపు మిగతా రెండు గుంపుల కంటే ఎక్కువ కోపంగా ఉంది. శబ్దంతో ఎక్కువగా బాధించిందీ ఆ గుంపే. వ్యాయామం అనుకుంటూ కొట్టినవాళ్లు రెండో స్థానంలో నిలిచారు. అందరికంటే తక్కువగా బాధించింది ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లు. గుంపుల మధ్య తేడాలు ఆకాశానికీ భూమికీ ఉన్నంత పెద్దవేమీ కావు. కోపం కొలిచింది కూడా కొన్ని నిమిషాల తరువాతే తప్ప నెలల తరువాత కాదు. కానీ అవి ఉన్న దిశ చూడండి. కోపం వెళ్లగక్కడం కంటే రెండు నిమిషాలు ఊరికే కూర్చోవడం మెరుగ్గా పనిచేసింది. ఏ మందైనా, అసలు మందే వేసుకోనివారి కంటే వేసుకున్నవారికి ఎక్కువ జబ్బు తెస్తే దాన్ని మందు అనం.

‘నమ్మకంతో చేస్తే పనిచేస్తుందేమో’ అని మీకు అనిపించవచ్చు. అదీ పరీక్షించారు. 1999లో బుష్‌మన్, బామైస్టర్, స్టాక్ కలిసి కొందరికి ఒక పత్రికా కథనం లాంటిది చదవడానికి ఇచ్చారు. కోపాన్ని వస్తువుల మీద చూపిస్తే అది చల్లారుతుందని శాస్త్రం తేల్చినట్లు అందులో రాసి ఉంది. అది చదివాక కోపం తెప్పిస్తే, బ్యాగ్‌ను కొట్టాలన్న కోరిక వారిలో పెరిగింది. అంటే సలహా తలకెక్కింది. కానీ ఆ సలహా నమ్మి, నిజంగానే బ్యాగ్‌ను కొట్టిన తరువాత కూడా వాళ్ల కసి తగ్గలేదు. అలాంటిదేమీ పనిచేయదని చదివినవారి కంటే వీళ్లే ఎక్కువ దూకుడుగా ప్రవర్తించారు. కొట్టడంలో సంతోషం పొందినవారి సంగతి మీరు ప్రత్యేకంగా గమనించాలి. వారిలో దూకుడు తగ్గలేదు సరికదా, ఎంత ఆనందించారో అంత ఎక్కువగా కనిపించింది.

మీరు రాసిన ‘హాయి’ దగ్గరికి ఇప్పుడు వద్దాం. ఆ హాయి అబద్ధం కాదు. గట్టిగా గుద్దిన తరువాత చేతులు అలసిపోతాయి, ఊపిరి మెల్లగా కుదుటపడుతుంది, రోజంతా నోరు విప్పలేని మనిషికి కాసేపు పైచేయి అయినట్లు ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, ఏ పని తరువాత హాయి కలుగుతుందో ఆ పనిని మనసు నేర్చుకుంటుంది. ‘కోపం వచ్చింది, కొట్టాను, బాగుంది’ అన్న వరస రోజూ సాధన చేసిన కొద్దీ చేతికి అలవాటవుతుంది. పైగా ఆ హాయికి ముందే కోపం తగ్గే క్రమం కొంత మొదలై ఉంటుంది. మీరు ఏమీ చేయకుండా ఉన్నా కాసేపటికి కోపం చాలావరకు దిగేది. ఆ దిగడానికి కారణం దిండేనని మీరు లెక్క వేసుకుంటున్నారు.

పిల్లల మీద విరుచుకుపడటానికి దీనితో సంబంధం ఉండే అవకాశం ఎక్కువ. డాల్ఫ్ జిల్మన్ అనే శాస్త్రవేత్త 1970లలో చూపించిన విషయం ఒకటుంది. శరీరంలో రేగిన ఉద్రేకం, దానికి కారణమైన సంఘటన ముగిసిన వెంటనే ఆగిపోదు. గుండె వేగం, రక్తపోటు పూర్తిగా మామూలుకు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ మిగిలిన ఉద్రేకం మన దృష్టికి రాదు, బాగానే ఉన్నామనుకుంటాం. ఆ స్థితిలో ఇంకో చిన్న చికాకు ఎదురైతే పాత ఉద్రేకమంతా దాని ఖాతాలోకి చేరుతుంది. గది తలుపు తీసి బయటికి రాగానే ఒలికిపోయిన పాలో, రాయని హోమ్‌వర్కో కనబడుతుంది. తల్లికి వచ్చిన కోపం పాల వల్ల వచ్చిందానికంటే చాలా పెద్దదిగా ఉంటుంది. పిల్లలకు ఆ లెక్క తెలియదు. తామే అంత పెద్ద తప్పు చేశామనుకుంటారు.

‘అయితే దిగమింగుకోవాలా?’ అని మీరు అడుగుతారు. అదీ కాదు. మీ స్నేహితురాలి భయంలో నిజం ఉన్నది ఇక్కడే. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ 1990లలో చేసిన ప్రయోగాల్లో, మనసును కలవరపెట్టే దృశ్యాలు చూస్తూ ముఖంలో ఏ భావమూ కనబడనీయకుండా బిగబట్టుకున్నవారికి పైకి ప్రశాంతత వచ్చింది గానీ, గుండె, రక్తనాళాల మీద ఒత్తిడి పెరిగింది. వెళ్లగక్కడం ఒక కొస, బిగబట్టడం మరో కొస. ఈ రెండే దారులని అనుకోవడం వల్లే మనం దిండు దగ్గరికి వెళ్తున్నాం. మూడో దారి ఉంది: ముందు శరీరంలోని ఉద్రేకాన్ని దించడం, తరువాత ఆ తలపును వేరే చోట నిలబడి చూడటం, ఆ తరువాత అసలు మనిషితో అసలు విషయం మాట్లాడటం. వరస ముఖ్యం. మొదటిది కాకుండా మూడోది చేస్తే అది గొడవ అవుతుంది.

మొదటి దాని గురించి ఇప్పుడు బలమైన ఆధారమే ఉంది. సోఫీ క్యార్విక్, బుష్‌మన్ 2024లో 154 అధ్యయనాలను కలిపి లెక్క కట్టారు. వాటిలో మొత్తం పది వేలకు పైగా మనుషులు పాల్గొన్నారు. లోతైన శ్వాస, ధ్యానం, యోగా, కండరాలను వదులు చేయడం లాంటి, శరీరాన్ని చల్లబరిచే పనులన్నీ కోపాన్ని తగ్గించాయి. శరీరాన్ని వేడెక్కించే పనులను మొత్తంగా చూస్తే కోపంలో తేడా లేదు. వాటిలోనూ విడివిడిగా చూస్తే పరుగు కోపాన్ని పెంచే వైపు కనిపించింది, బంతి ఆటలు తగ్గించే వైపు కనిపించాయి. ఆటలో నలుగురితో కలిసి నవ్వడం ఉంటుంది, దృష్టి బంతి మీదికి పోతుంది. ఒంటరి పరుగులో ఆ మనిషి మాటలే చెవుల్లో తిరుగుతూ ఉంటాయి. ఇది నా అభిప్రాయం. పరుగు గుండెకు మంచిదే, దాన్ని మానమని చెప్పను. కోపం తగ్గించుకోవడానికి మాత్రం దాని మీద ఆధారపడకండి.

కాబట్టి రేపటి నుంచి ఇంటికి రాగానే అదే గదికి వెళ్లండి, అలాగే తలుపు వేసుకోండి. పిల్లలకు ‘పది నిమిషాల్లో వస్తాను’ అని చెప్పండి. కూర్చుని, నాలుగు లెక్కపెట్టే వరకు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టే వరకు వదలండి. వదలడం పీల్చడం కంటే నిదానంగా ఉంటే చాలు, అంకెలు అటూ ఇటూ అయినా పరవాలేదు. తల తిరుగుతున్నట్లు ఉంటే మరీ బలంగా పీలుస్తున్నారని అర్థం, మెల్లగా చేయండి. రెండు మూడు నిమిషాల తరువాత పిడికిళ్లు ఐదు సెకన్ల పాటు బిగించి ఒక్కసారిగా వదిలేయండి. వదిలాక పదిహేను సెకన్లు ఆ వదులుతనాన్నే గమనించండి. తరువాత భుజాలను చెవుల వైపు ఎత్తి బిగించి వదలండి, ఆ తరువాత దవడ. కోపంలో దవడ, భుజాలు బిగుసుకుంటాయి, అందుకే వాటిని మరచిపోవద్దు. ఇలా చేస్తున్నంత సేపూ ఆయన మాటలు గుర్తుకొస్తాయి. రానివ్వండి, కానీ వాటికి జవాబులు కూర్చకండి. జవాబు కూర్చడం మొదలైతే దృష్టిని మళ్లీ ఊపిరి వదలడం మీదికి తెచ్చుకోండి. ఊపిరి పీలుస్తూ మనసులో ఆయనతో పోట్లాడుతూ ఉంటే అది చేతులు లేని దిండు గుద్దుడే.

ఫలితం ఉందో లేదో తెలుసుకోవడానికి ‘హాయిగా ఉందా’ అని చూసుకోకండి. ఆ కొలత మిమ్మల్ని ఇంతకు ముందే మోసం చేసింది. ఒక కాగితం మీద మీ కోపానికి సున్నా నుంచి పది వరకు మూడు సార్లు అంకె వేయండి: గదిలోకి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు, గంట తరువాత. ఆ గంటలో పిల్లల మీద గొంతు పెంచారా లేదా అన్నది పక్కన రాయండి. ఆ చివరి గడే అసలు పరీక్ష. మొదట్లో కొన్ని రోజులు దిండు గుద్దినప్పటి కంటే చప్పగా అనిపిస్తుంది. అది సహజం. పైచేయి అయిన ఉత్సాహం ఇందులో ఉండదు.

ఒళ్లు చల్లబడిన తరువాత జరిగిన సంఘటనను ఒకసారి తలచుకోండి, కానీ మీ కళ్లతో కాదు. ఆ గదిలో ఓ మూల నిలబడి, అక్కడున్న ఇద్దరినీ, మిమ్మల్నీ ఆయన్నీ, చూస్తున్నట్లు. 2012లో మిష్కోవ్‌స్కీ, క్రాస్, బుష్‌మన్ చేసిన ప్రయోగంలో, అవమానం జరిగిన వెంటనే ఇలా దూరం నుంచి చూడమన్నవారిలో కోపమూ దూకుడూ రెండూ తక్కువగా కనిపించాయి. సంఘటనలో మునిగిపోయి తమ కళ్లతోనే మళ్లీ చూసినవారికి ఆ మేలు దక్కలేదు. దూరంగా నిలబడి చూస్తే ‘నన్ను ఎంత మాట అన్నాడు’ అనేది పక్కకు జరిగి, ‘ఆ మనిషి ఏ విషయంలో ఇలా మాట్లాడుతున్నాడు, ఈవిడకు ఇప్పుడు ఏం కావాలి’ అనేది కనబడుతుంది.

మీ స్నేహితురాలితో మాట్లాడటం మానవద్దు. మాట్లాడే తీరు మాత్రం మార్చండి. 1975లో ఎబ్బెసన్, డంకన్, కొనెచ్నీ ప్రచురించిన ఒక అధ్యయనం అప్పుడే ఉద్యోగం కోల్పోయిన ఇంజినీర్ల మీద జరిగింది. కొందరిని కంపెనీని తిట్టేలా, కొందరిని పైఅధికారిని తిట్టేలా ప్రశ్నలు అడిగారు. తరువాత రాతపూర్వకంగా అభిప్రాయం అడిగితే, కంపెనీని తిట్టినవారికి కంపెనీ మీద, పైఅధికారిని తిట్టినవారికి పైఅధికారి మీద ద్వేషం పెరిగింది. ఎవరిని తిట్టారో వారి మీదే, ఇంకొకరి మీద కాదు. కాబట్టి ‘ఆయన ఎంత దుర్మార్గుడో చూడు’ అంటూ మొదలై ‘అవును, వాడంతే’ అంటూ ముగిసే సంభాషణ మీకు తోడు దొరికిన తృప్తి ఇస్తుంది, కోపం మాత్రం అలాగే ఉంచుతుంది. ఆమెతో ముందే చెప్పండి: ‘జరిగింది ఒక్కసారి చెబుతాను. ఆయన తరఫున చూస్తే ఇందులో ఏముందో, నేను ఏం చేయవచ్చో నువ్వు చెప్పు.’ మంచి స్నేహితురాలు ఇది చేయగలదు.

చివరగా పైఅధికారి. మీ కోపం ఒట్టి చిరాకు కాదు. అందరి ముందూ చులకన చేయడం తప్పు, మీ కోపం ఆ తప్పునే చూపిస్తోంది. ఎన్ని శ్వాసలు తీసినా ఆయన తీరు మారదు. కాబట్టి మీరు ప్రశాంతంగా ఉన్న ఒక రోజు, ఎవరూ లేనప్పుడు, ఒకే ఒక సంఘటన తీసుకుని చెప్పండి: ‘సార్, నిన్న సమావేశంలో నా నివేదిక గురించి అందరి ముందూ అన్న మాట నాకు చాలా ఇబ్బంది కలిగించింది. లోపాలుంటే నాకు విడిగా చెప్పండి, సరిదిద్దుతాను.’ ‘మీరు ఎప్పుడూ ఇంతే’ అనకండి. ఆ మాటతో ఆయన తన స్వభావాన్ని సమర్థించుకునే పనిలో పడతారు, విషయం పోతుంది. ఆయన గొంతు పెంచితే ‘మళ్లీ మాట్లాడదాం సార్’ అని బయటికి వచ్చేయండి. తరువాత కూడా అలాగే సాగితే ప్రతి సంఘటననూ తేదీతో, ఆయన అన్న మాటలతో, అక్కడ ఎవరున్నారో దానితో సహా రాసి పెట్టుకుని, ఆయన పైవారికో మానవ వనరుల విభాగానికో ఇవ్వండి. రాసేటప్పుడు తిట్లు వద్దు, జరిగింది మాత్రమే.

పిల్లల మీద అరిచిన రోజున, చల్లబడ్డాక వాళ్ల దగ్గర కూర్చుని ‘నా కోపం నీ వల్ల వచ్చింది కాదు’ అని చెప్పండి. చేయి చేసుకోవడం దాకా వచ్చినా, వాళ్లు మిమ్మల్ని చూసి బెదరడం మొదలైనా, లేదా మూడు నాలుగు వారాలు గడిచినా ఆ కాగితం మీది చివరి గడిలో మార్పు కనబడకపోయినా, ఆలస్యం చేయకుండా క్లినికల్ సైకాలజిస్టును కలవండి. కోపం మీద పనిచేసే చికిత్సలు ఉన్నాయి, వాటికి ఆధారాలూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్లండి, మొదటి రోజే వారికి చాలా సంగతులు తెలుస్తాయి.